ఒక్క వాక్యపు ఆర్డరు: అధికార విభజన, న్యాయ సమీక్ష ఎక్కడ కలుస్తాయి

ఒక దేశం ఉందనుకుందాం. దానికి రాతపూర్వక రాజ్యాంగం ఉంది. ప్రజలు ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా సమావేశం కావచ్చని, శాంతిభద్రతల కోసం చట్టసభ ఆ హక్కు మీద సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చని అందులో రాసి ఉంది. ఆ చట్టసభ బహిరంగ సభల గురించి ఒక చట్టం చేసింది. అందులో మనం మూడు సెక్షన్లు చూస్తే చాలు. బహిరంగ స్థలంలో సభ పెట్టాలంటే జిల్లా అధికారి అనుమతి తీసుకోవాలని నాలుగో సెక్షన్ అంటుంది. అధికారి ‘తనకు ఉచితమని తోచిన విధంగా’ అనుమతి ఇవ్వవచ్చు లేదా నిరాకరించవచ్చని ఐదో సెక్షన్ అంటుంది. ఆ నిర్ణయమే అంతిమమని, దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని తొమ్మిదో సెక్షన్ అంటుంది.

ఒక కాలనీ వాళ్లున్నారు. తమ ఇళ్ల మధ్య నుంచి పెద్ద రోడ్డు వేయాలన్న ప్రభుత్వ ప్రణాళిక వాళ్లకు నచ్చలేదు. దగ్గర్లోని మైదానంలో సభ పెట్టి తమ అభ్యంతరాలు చెప్పాలనుకున్నారు. సంఘం తరఫున మూడు వారాల ముందే దరఖాస్తు పెట్టారు. సభ రెండు రోజుల్లో ఉందనగా జవాబు వచ్చింది: ‘విషయము పరిశీలించి, అనుమతి నిరాకరించడమైనది.’ కింద సంతకం, ముద్ర. ఎందుకు నిరాకరించారో ఒక్క ముక్క లేదు.

సంఘం కోర్టుకు వెళ్లింది. కోర్టు తేల్చాల్సింది సభ మంచిదా చెడ్డదా అన్నది కాదు. రోడ్డు వేయాలా వద్దా అన్నది అసలే కాదు. ఈ కేసులో ఏ పని ఎవరు చేయాలి, చేయాల్సినవాళ్లే చేశారా, వాళ్లకున్న హద్దులోనే చేశారా అన్నది మాత్రమే. అధికార విభజన, న్యాయ సమీక్ష అనే రెండు మాటలను పాఠ్యపుస్తకాలు రెండు వేర్వేరు అధ్యాయాల్లో చెబుతాయి కానీ, కోర్టు హాల్లో అవి ఒకే ప్రశ్నకు రెండు చివర్లు.

ఒక్క కుర్చీలో మూడు పనులు

చట్టం చేసేది శాసన వ్యవస్థ, అమలు చేసేది కార్యనిర్వాహక వ్యవస్థ, వివాదాలు తేల్చేది న్యాయ వ్యవస్థ. ఇంతవరకు స్కూల్లోనే చదువుకున్నాం. ఈ మూడూ ఒకరి చేతిలోనే పడితే స్వేచ్ఛ మిగలదని 1748లో ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ రాశాడు. చాలామంది దీన్ని మూడు వ్యవస్థల మధ్య గోడలు కట్టేయడమని అర్థం చేసుకుంటారు. నిజానికి ఏ దేశంలోనూ అలాంటి గోడలు లేవు. పార్లమెంటరీ పద్ధతిలో మంత్రులు చట్టసభలోనే కూర్చుంటారు. అమెరికాలో అధ్యక్షుడు బిల్లును వీటో చేస్తాడు, జడ్జీలను నామినేట్ చేస్తాడు, సెనేట్ వాళ్లను ఆమోదిస్తుంది. అమెరికా రాజ్యాంగం ఆమోదం కోసం చర్చలు జరుగుతున్న రోజుల్లో మూడు వ్యవస్థల పనులూ ఇందులో కలిసిపోయాయన్న అభ్యంతరమే వచ్చింది. ఆ రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ 1788లో దానికి ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ అన్నిటికన్నా స్పష్టంగా అనిపిస్తుంది: ఒక వ్యవస్థకు ఇంకో వ్యవస్థ పనిలో కొంత భాగం ఉండటం తప్పు కాదు, ఒక వ్యవస్థ మొత్తం అధికారం, ఇంకో వ్యవస్థ మొత్తం అధికారం ఒకే చేతుల్లో పడటమే ప్రమాదం.

భారత సుప్రీంకోర్టు కూడా 1955లో రామ్ జవాయా కపూర్ కేసులో ఇంచుమించు ఇదే దారిలో వెళ్లింది. మన రాజ్యాంగం అధికార విభజనను బిగుసుకుపోయిన రూపంలో తీసుకోలేదు, అయినా ఒక్కో వ్యవస్థ పని ఏమిటో తగినంత వేరుచేసి చెప్పింది, ఒకరు చేయాల్సిన ముఖ్యమైన పనిని ఇంకొకరు లాక్కోవడాన్ని అది ఊహించలేదు అంది.

ఇప్పుడు ఈ కొలబద్దతో మన మూడు సెక్షన్లను మళ్లీ చదవండి. ఏ కారణాలతో సభను ఆపవచ్చో చెప్పాల్సింది చట్టసభ. అది చెప్పకుండా ‘తనకు ఉచితమని తోచిన విధంగా’ అని వదిలేసింది. దాంతో ఏది కారణమవుతుంది, ఏది కాదు అన్న నియమాన్ని ఆ పూట తన మనసులో తయారు చేసుకునేది అధికారే అయ్యాడు. ఆ నియమాన్ని సంఘం మీద అమలు చేసింది కూడా ఆయనే. తొమ్మిదో సెక్షన్ పుణ్యమా అని, తన నిర్ణయం సరైనదా కాదా అని చివరి మాట చెప్పేదీ ఆయనే. చట్టసభ, ప్రభుత్వం, కోర్టు మూడూ ఎవరి భవనాల్లో వాళ్లు ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. అయినా ఆ జిల్లాలో, ఆ ఒక్క విషయంలో, మూడు పనులూ ఒక్క కుర్చీలోకి వచ్చి చేరాయి. అధికార విభజన చాలాసార్లు ఇలాగే పోతుంది. సైన్యం వచ్చి పార్లమెంటును మూసేయనక్కర్లేదు, ఒక చట్టంలో రెండు వాక్యాలు చాలు.

కోర్టుకు ఈ అధికారం ఎక్కడిది?

అమెరికా రాజ్యాంగంలో ‘చట్టాలను కోర్టులు కొట్టేయవచ్చు’ అన్న వాక్యం లేదు. 1803లో మార్బరీ వర్సెస్ మాడిసన్ కేసులో చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ దాన్ని తర్కంతో రాబట్టాడు. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పదవి దిగిపోయే ముందు విలియం మార్బరీ అనే ఆయన్ని ఒక చిన్న న్యాయాధికారిగా నియమించాడు. నియామక పత్రం మీద సంతకమైంది, ముద్ర పడింది, చేతికి మాత్రం అందలేదు. కొత్త ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయిన మాడిసన్ దాన్ని ఇవ్వలేదు. ఇప్పించమని మార్బరీ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. (ఆ పత్రాన్ని అందించాల్సిన బాధ్యత పాత ప్రభుత్వంలో ఆ పదవిలో ఉన్న మార్షల్‌దే. ఈ రోజుల్లోనైతే ఆయన ఈ కేసు వినడానికే ఎవరూ ఒప్పుకోరు.)

మార్షల్ ఏమన్నాడంటే: మార్బరీకి ఆ పత్రం మీద హక్కు ఉంది, హక్కు ఉన్నచోట చట్టం పరిహారం చూపాలి, కానీ ఈ కోర్టు నేరుగా ఆ ఆదేశం ఇవ్వలేదు. ఎందుకంటే ఆ అధికారాన్ని సుప్రీంకోర్టుకు ఇచ్చింది 1789 నాటి ఒక మామూలు చట్టం. సుప్రీంకోర్టు మొదటిసారే వినగల కేసులేవో రాజ్యాంగం స్వయంగా చెప్పింది, ఇది వాటిలో లేదు. మామూలు చట్టం, రాజ్యాంగం రెండూ ఒకే కేసుకు వర్తించి, రెండూ వేర్వేరు జవాబులు చెబుతుంటే జడ్జి ఏదో ఒకదాన్ని పక్కన పెట్టక తప్పదు. రాజ్యాంగాన్ని పక్కన పెడితే చట్టసభ తన హద్దులను తానే మార్చుకున్నట్టే, అప్పుడు రాజ్యాంగం రాసుకుని లాభం లేదు. కాబట్టి చట్టమే పక్కకు తప్పుకోవాలి.

ఈ కేసులో కోర్టు కొట్టేసిన సెక్షన్ కోర్టుకే అదనపు అధికారం ఇచ్చే సెక్షన్ అన్నది గమనించాలి. అంటే న్యాయ సమీక్ష మొదటి అడుగు కోర్టు తన హద్దును తాను గుర్తించడంతో పడింది. చట్టసభ మీద కోర్టు పెత్తనంగా దీన్ని చెప్పుకునేవాళ్లు ఈ సంగతిని దాటేసి పోతారు.

భారత రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయాన్ని తర్కానికి వదల్లేదు. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం ఆ మేరకు చెల్లదని 13వ అధికరణంలో రాశారు. హక్కు కోసం 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లే దారి పెట్టారు. అన్ని దేశాలూ ఈ దారి ఎంచుకోలేదు. నెదర్లాండ్స్ రాజ్యాంగం 120వ అధికరణంలో, పార్లమెంటు చట్టాలు రాజ్యాంగబద్ధమా కాదా అన్నది కోర్టులు పరిశీలించరాదని ఉంది. బ్రిటన్‌లో కోర్టులు పార్లమెంటు చట్టాన్ని కొట్టేయవు. అంతమాత్రాన ఆ దేశాల్లో న్యాయ సమీక్ష లేదనుకోకూడదు. అధికారి తన హద్దు దాటాడా అన్న పరిశీలన అక్కడా గట్టిగానే జరుగుతుంది. చట్టాన్ని సమీక్షించడం, చట్టం కింద తీసుకున్న నిర్ణయాన్ని సమీక్షించడం రెండు వేర్వేరు పనులు. మన కేసులో కోర్టు ముందు ఈ రెండూ ఉన్నాయి.

జడ్జి ముందున్న ప్రశ్నల వరస

ప్రభుత్వ న్యాయవాది లేచి మొట్టమొదట చెప్పేది తొమ్మిదో సెక్షన్. ‘అధికారి నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించరాదు, ఈ పిటిషన్ వినడానికే లేదు’ అంటాడు. ఇలాంటి సెక్షన్‌కు, అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత కోర్టుగా కూడా పనిచేసిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1968 డిసెంబరులో అనిస్మినిక్ కేసులో ఇచ్చిన జవాబు ప్రసిద్ధం. అక్కడ ఒక కమిషన్ నిర్ణయాన్ని కోర్టులు ప్రశ్నించరాదని చట్టంలోనే ఉంది. చట్టం కాపాడేది చట్టం ప్రకారం జరిగిన ‘నిర్ణయాన్ని’, తనకు లేని అధికారంతో చేసింది అసలు నిర్ణయమే కాదు, కాబట్టి దానికి ఆ రక్షణ లేదు అని లార్డ్స్ తేల్చారు. రాతపూర్వక రాజ్యాంగం ఉన్నచోట జవాబు ఇంకా తిన్నగా ఉంటుంది. హైకోర్టులకు, సుప్రీంకోర్టుకు రాజ్యాంగం ఇచ్చిన సమీక్షాధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని, రాజ్యాంగ సవరణతో కూడా దాన్ని తీసేయడం కుదరదని 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో భారత సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. రాజ్యాంగం తెరిచిన తలుపును మామూలు చట్టం మూయలేదు. మన కోర్టు కూడా ఈ దారిలోనే వెళ్లి కేసు వింటుంది.

తర్వాత ఏం చేస్తుంది? ఇక్కడ చాలామంది అనుకునేదానికి, జరిగేదానికి తేడా ఉంది. కోర్టు నేరుగా చట్టం మీదకు వెళ్లదు. చిన్న కారణంతో కేసు తేలిపోతుంటే పెద్ద ప్రశ్న ముట్టుకోకపోవడమే కోర్టుల అలవాటు. అది బద్ధకం కాదు, చట్టసభ పనిలో అవసరానికి మించి వేలు పెట్టకపోవడం. అందుకే ముందు ఆర్డరును చూస్తుంది.

ఆ ఒక్క వాక్యపు ఆర్డరులో కారణాలు లేవు. కేసు పడ్డాక అధికారి కౌంటర్ అఫిడవిట్ వేశాడు. అందులో ఒకటి కాదు, నాలుగు కారణాలు! ట్రాఫిక్ ఆగిపోతుంది, గొడవలు జరగవచ్చు, పక్కన ఆసుపత్రి ఉంది, సంఘం పాత సభలో నిబంధనలు పాటించలేదు. ఇవన్నీ నిజమే కావచ్చు కూడా. కానీ ఆర్డరు రాసిన రోజున ఇవి ఆయన మనసులో ఉన్నాయని ఎలా తెలుస్తుంది? లాయరు దగ్గర కూర్చున్నాక పుట్టినవి కావని ఎలా నమ్మాలి? 1977 డిసెంబరులో మొహిందర్ సింగ్ గిల్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఈ విషయంలో దేశంలోని ప్రతి రిట్ లాయరుకూ కంఠతా వచ్చి ఉంటుంది. చట్టబద్ధ అధికారి ఇచ్చిన ఆర్డరు చెల్లుతుందా లేదా అన్నది ఆర్డరులో ఉన్న కారణాలను బట్టే చూడాలి, తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు చేర్చి దాన్ని నిలబెట్టకూడదు. అలా ఒప్పుకుంటే మొదట చెల్లని ఆర్డరు కోర్టుకు చేరేసరికి చెల్లేదైపోతుంది.

నిర్ణయాన్ని సమీక్షించడమంటే ఇదే. అధికారికి ఆ అధికారం ఉందా, చూడాల్సినవి చూశాడా, చూడకూడనివి చూశాడా, అవతలివాళ్ల మాట విన్నాడా, కారణం చెప్పాడా, ఎంత అవసరమో అంతే కోత పెట్టాడా. నిర్ణయం చేరిన దారిని కోర్టు పరీక్షిస్తుంది. ఆ కుర్చీలో తానే కూర్చుని కొత్త నిర్ణయం తీసుకోదు.

ఆర్డరు కొట్టేయడంతో కేసు ముగించవచ్చు. కానీ సంఘం ఐదో సెక్షన్‌ను కూడా సవాలు చేసింది. ఆ సెక్షన్ అలాగే ఉంటే రేపు అధికారి ఒక కారణం రాసి మళ్లీ నిరాకరిస్తాడు, ఆ కారణాన్ని కొలవడానికి చట్టంలో కొలతే లేదు. కాబట్టి కోర్టు చట్టం దగ్గరకు వెళ్లక తప్పదు.

ఇక్కడ ఊహించుకోవాల్సిన అవసరం పెద్దగా లేదు, ఇలాంటి కేసులు నిజంగానే జరిగాయి. అహ్మదాబాద్‌లో ఒక విద్యార్థి సంఘం బహిరంగ సభకు అనుమతి అడిగితే పోలీసులు నిరాకరించారు. వీధుల్లో సభలకు ముందస్తు అనుమతి ఉండాలన్న నిబంధన, ఏ ప్రాతిపదిక మీద అనుమతి ఇవ్వాలో, నిరాకరించాలో చెప్పలేదు. 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ప్రజల రాకపోకలకు అడ్డు రాకుండా, శాంతిభద్రతల కోసం సభలను నియంత్రించవచ్చు కానీ, అధికారి ఇష్టానికి పూర్తిగా వదిలేయడం నియంత్రణ కాదని దాని సారాంశం. అమెరికాలో 1963లో బర్మింగ్‌హామ్ నగరంలో పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనుమతి లేకుండా ఊరేగింపు తీశాడని శిక్ష వేశారు. అక్కడి నగర నిబంధనలో కారణాల జాబితా ఉంది: ప్రజా సంక్షేమం, శాంతి, భద్రత, ఆరోగ్యం, మర్యాద, నీతి, సౌకర్యం. పేరుకు జాబితాయే కానీ, అందులో పట్టని కారణమంటూ ఏదీ లేదు. ఇరుకైన, స్పష్టమైన, ఎవరు చూసినా ఒకేలా అర్థమయ్యే ప్రమాణాలు లేకుండా మాట్లాడే హక్కును అధికారి అనుమతికి కట్టేయడం కుదరదని 1969లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది.

ఈ రెండో కేసు మన అధికారి లాయరుకు వచ్చే తర్వాతి ఆలోచనకు కూడా జవాబు చెబుతుంది. ఐదో సెక్షన్‌లో ‘ప్రజాహితం కోసం’ అని రెండు పదాలు చేరిస్తే సరిపోదా? సరిపోదు. ఆ పదాల్లో ఏది ఇమడదో చెప్పగలిగితేనే అది ప్రమాణం.

చివరికి కోర్టు ఐదో, తొమ్మిదో సెక్షన్లను కొట్టేసింది. నాలుగో సెక్షన్‌ను ముట్టుకోలేదు. అనుమతి తీసుకోమనడంలో తప్పు లేదు, మిగతా చట్టం కొట్టేసిన ముక్కలు లేకుండా నిలబడగలిగితే దాన్ని నిలబెట్టాలన్నదే నియమం. నిరాకరణకు కారణాలేవో చెప్పే కొత్త సెక్షన్‌ను కోర్టు రాయలేదు. అది చట్టసభ పని. సంఘానికి తానే అనుమతి కూడా ఇవ్వలేదు. ఆర్డరును రద్దు చేసి, దరఖాస్తును చట్టప్రకారం మళ్లీ పరిశీలించమని అధికారికి చెప్పింది. పోలీసులు ఎంతమంది అందుబాటులో ఉన్నారో, ఆ రోజు ఇంకేం కార్యక్రమాలు ఉన్నాయో అధికారికి తెలుస్తుంది, జడ్జికి తెలియదు.

గెలిచిన సంఘానికి ఇది సగం గెలుపులా కనిపిస్తుంది. నిజమే. పైగా వాళ్లు అనుకున్న తేదీ ఎప్పుడో దాటిపోయింది. న్యాయ సమీక్షకున్న అసలు బలహీనత ఇదేనని నా అభిప్రాయం. జడ్జీల అత్యుత్సాహం గురించి ఎంతో చర్చ జరుగుతుంది కానీ, ఆలస్యం చేసే నష్టం ముందు అది తక్కువే. బర్మింగ్‌హామ్ ఊరేగింపుకు, తీర్పుకు మధ్య ఆరేళ్లు. సభ తేదీ దాటగానే ‘ఇంకేముంది, పిటిషన్ నిరర్థకం’ అని కేసు మూసేస్తే, రెండు రోజుల ముందు నిరాకరించే అధికారిని ఏ కోర్టూ ఎప్పటికీ ప్రశ్నించలేదు. అందుకే మళ్లీ మళ్లీ జరిగే అవకాశం ఉండి, ప్రతిసారీ కోర్టుకు అందకుండా పోయే వివాదాలను తేదీ దాటినా విని తేల్చే మినహాయింపును అమెరికా కోర్టులు ఏర్పరచుకున్నాయి. మన ఊహాకోర్టు ఆ దారి పట్టింది కాబట్టి సరిపోయింది. పట్టకపోయి ఉంటే ఐదో సెక్షన్ నిక్షేపంగా ఉండేది.

తీర్పు మర్నాడు

కోర్టు కొట్టేసింది, కథ అయిపోయిందని వార్తలు ఆగిపోతాయి. రాజ్యాంగపరంగా అసలు పరీక్ష మర్నాడు మొదలవుతుంది. చట్టసభకు కోపం వచ్చింది. ఏం చేయవచ్చు?

ఒక దారి, తప్పు దిద్దుకోవడం. కోర్టు ఎత్తి చూపిన లోపాన్ని తీసేసి కొత్త ఐదో సెక్షన్ తేవచ్చు. దీన్ని తీర్పును ధిక్కరించడం అనుకోకూడదు. తన పని తాను చేయడమే.

రెండో దారి, పాత సెక్షన్‌ను మార్చకుండా ‘కోర్టు తీర్పు ఏమైనప్పటికీ, అధికారి ఇచ్చిన ఆర్డరు చెల్లుతుంది’ అని ఒక్క వాక్యపు చట్టం చేయడం. ఇది కుదరదు. ఒక కేసులో ఇద్దరి మధ్య వివాదం విని, తేల్చి, ఇదీ ఫలితం అని చెప్పడం న్యాయ వ్యవస్థ పని. చట్టసభ ఆ ఫలితాన్ని తిప్పి రాస్తే, విచారణ లేకుండా, సాక్ష్యం లేకుండా, అవతలి పక్షం మాట వినకుండా అప్పీలు తీర్పు ఇచ్చినట్టే. అధికారి కుర్చీలోంచి తీసేసిన జడ్జి పని ఇప్పుడు సభ చేతిలోకి వెళ్లిందన్నమాట.

ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో 1969లో పృథ్వీ కాటన్ మిల్స్ కేసు చెప్పింది. అది ఒక మునిసిపాలిటీ పన్ను గురించిన గొడవ. తీర్పు కట్టుబడదని చట్టసభ ఊరికే ప్రకటిస్తే చెల్లదు, కానీ తీర్పు ఏ చట్టం మీద నిలబడిందో ఆ చట్టాన్నే మార్చేస్తే, మారిన పరిస్థితిలో కోర్టు ఆ తీర్పు ఇచ్చి ఉండేది కాదు అనగలిగేంతగా మారిస్తే, అది చెల్లుతుంది. నియమాన్ని మార్చు, తీర్పును కాదు. వినడానికి చిన్న తేడా.

ఈ చిన్న తేడా ఎంత పెద్దదో ఇందిరా గాంధీ ఎన్నిక కేసు చూపిస్తుంది. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు రాయ్‌బరేలీ నుంచి ఆమె ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టులో అప్పీలు ఉండగానే పార్లమెంటు రెండు పనులు చేసింది. ఒకటి, హైకోర్టు ఏ నియమాలు ఆధారం చేసుకుందో ఆ ఎన్నికల చట్టపు నియమాలనే పాత తేదీ నుంచి వర్తించేలా మార్చింది. రెండోది, ఆగస్టులో 39వ రాజ్యాంగ సవరణతో 329-ఎ అనే అధికరణం తెచ్చి, దాని నాలుగో క్లాజులో ఆ ఎన్నిక చెల్లుతుందని, ఎన్నికల వివాదాల చట్టాలేవీ దానికి వర్తించవని, హైకోర్టు తీర్పుకు విలువ లేదని రాసింది.

నవంబరు 7న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ నాలుగో క్లాజును కొట్టేసింది. జడ్జీలు ఒక్కొక్కరు ఒక్కో దారిలో ఆ ముగింపుకు చేరారు, కానీ వాళ్ల కారణాల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటే: ఏ చట్టం ప్రకారమో చెప్పకుండా, ఇరుపక్షాల వాదన వినకుండా ఒక వివాదాన్ని తేల్చేయడం చట్టం చేయడం కాదు. రాజ్యాంగాన్ని సవరించే అధికారంతో కూడా ఆ పని చేయలేరు. అదే ధర్మాసనం మారిన ఎన్నికల చట్టాన్ని మాత్రం సమర్థించింది, దాని ప్రకారం చూసి ఇందిరా గాంధీ అప్పీలును అనుమతించింది. అంటే ఫలితం ఆమె వైపే వచ్చింది. ఎమర్జెన్సీ నడుస్తున్న ఆ రోజుల్లో ఈ తీర్పును ప్రభుత్వానికి లొంగడంగా చూసినవాళ్లున్నారు. పాత తేదీ నుంచి ఒక్క మనిషికి పనికొచ్చేలా నియమం మార్చడాన్ని నేను కూడా సమర్థించలేను. అయినా గీత గీసిన చోటు సరైనదే. పార్లమెంటు నియమం మార్చగలదు. ఆ నియమం ప్రకారం ఎవరు గెలిచారో చెప్పలేదు.

మన చట్టసభ కొన్నాళ్లు రెండో దారి ఆలోచించి, చివరికి మొదటి దారే పట్టిందనుకుందాం. కొత్త ఐదో సెక్షన్ ఇలా ఉంది: రాకపోకలకు తీవ్రమైన అడ్డంకి, నిర్దిష్టమైన సమాచారం మీద ఆధారపడిన హింస భయం, అదే స్థలానికి ముందే ఇచ్చిన ఇంకో అనుమతి, ఆసుపత్రులు లేదా పరీక్షా కేంద్రాల పక్కన లౌడ్‌స్పీకర్ల శబ్దం. ఈ నాలుగు కారణాలతోనే నిరాకరించాలి. దరఖాస్తు అందిన అయిదు రోజుల్లో కారణాలతో సహా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. వీలైతే ఇంకో స్థలమో, ఇంకో సమయమో చూపాలి. దాని మీద వారంలో తేల్చే అప్పీలు ఉంటుంది.

సంఘం మళ్లీ దరఖాస్తు పెట్టింది. నాలుగో రోజున ఆర్డరు వచ్చింది, ఈసారి రెండు పేజీలు. మైదానం పక్క భవనంలో ఆ రోజు ఉదయం నుంచి సాయంత్రం దాకా పరీక్షలు ఉన్నాయని, మైకులు పెడితే ఇబ్బంది అవుతుందని, అదే రోజు సాయంత్రం ఆరు తర్వాతైతే అభ్యంతరం లేదని రాసి ఉంది. ఉదయమే కావాలి, సాయంత్రం జనం రారు అని సంఘం పట్టుబట్టింది. అప్పీలు పోయింది, కోర్టుకు వెళ్లింది.

అదే జడ్జి. కారణం చట్టంలో ఉంది, ఆర్డరులో ఉంది, దానికి ఆధారంగా పరీక్షల టైంటేబుల్ ఫైల్లో ఉంది, సభను పూర్తిగా ఆపకుండా వేరే సమయం చూపారు. అధికారి స్థానంలో నేనుంటే మైకు లేకుండా ఉదయం సభకు ఒప్పుకుని ఉండేవాణ్ని కావచ్చు, కానీ ఆ స్థానంలో నేను లేను అని జడ్జి రాశాడు. పిటిషన్ కొట్టేశాడు.